ఊళ్లో షాపుల పేజీలు చూసిపెట్టే పని ఎలా మొదలుపెట్టాలి: ఒక చీరల షాపు లెక్కతో

"మా ఊళ్లో షాపుల ఫేస్‌బుక్, ఇన్‌స్టా పేజీలు చూసిపెడదామనుకుంటున్నాను. ఎంత అడగాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?" అని నన్ను వారానికి ఒకరైనా అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ మొత్తం రాస్తున్నాను. మాట గాల్లో తేలకుండా ఒకే షాపు తీసుకుంటాను: తెనాలిలో ఒక మధ్యరకం చీరల షాపు. యజమాని, ఆయన భార్య, ఇద్దరు సేల్స్‌గర్ల్స్. మీది బేకరీ అయినా, మొబైల్ షాపు అయినా పద్ధతి ఇదే. సరుకు, సీజన్ మాత్రం మారతాయి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- వెలుతురులో చీర అసలు రంగు పట్టగలిగే ఫోన్. ఖరీదైనది అక్కర్లేదు.
- ఒక ట్రైపాడ్, ఒక తెల్ల దుప్పటి లేదా లేత రంగు గోడ.
- రిపోర్టు చేసుకోవడానికి, యాడ్ పెట్టుకోవడానికి కంప్యూటర్. సొంతది లేకపోతే నెలకు రెండు మూడు రోజులు ఎక్కడైనా దొరికినా చాలు.
- క్యాలెండర్‌కు గూగుల్ షీట్.
- తెలుగు అక్షరాలు సరిగ్గా చూపించే డిజైన్ యాప్. కొన్ని యాప్‌లలో ఒత్తులు విడిపోయి పక్కకు పడతాయి. "శ్రావణ లక్ష్మి" అని టైపు చేసి చూడండి. శ్ర, క్ష్మి రెండూ సరిగ్గా వస్తే ఆ యాప్, ఆ ఫాంట్ పనికొస్తాయి. లేకపోతే వేరేది చూసుకోండి. ఒత్తు ఊడిన పోస్టర్ షాపు పరువు తీస్తుంది.

1. ముందు షాపులో రెండు గంటలు కూర్చోండి

ప్యాకేజీ మాట ఎత్తకముందే ఈ పని చేయండి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా కౌంటర్ పక్కన కూర్చుని వచ్చేవాళ్లు ఏం అడుగుతున్నారో పుస్తకంలో రాసుకోండి. మా షాపులో ఎక్కువగా వినిపించినవి నాలుగే: "వెయ్యి లోపు ఏమున్నాయి?", "పెట్టుబడికి చీరలు చూపించండి", "దీనికి జాకెట్టు ముక్క వస్తుందా?", "ఉతికితే రంగు పోతుందా?" తర్వాత నెలల్లో బాగా నడిచిన పోస్టులన్నీ ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులే.

వాళ్లు ఎక్కడినుంచి వస్తున్నారో కూడా అడగండి. మా షాపుకు సగానికి పైగా కొల్లిపర, దుగ్గిరాల, వేమూరు వైపు నుంచే వచ్చేవాళ్లు. అలాంటి షాపు పేజీకి హైదరాబాద్ నుంచి ఎన్ని లైకులు వచ్చినా ఉపయోగం ఉండదు. ఇది మొదటి రోజే తెలిస్తే తర్వాత చాలా డబ్బు మిగులుతుంది.

2. ప్యాకేజీ ధర గంటల లెక్కతో కట్టండి

"పక్క ఊళ్లో మూడువేలకే చేస్తున్నారట" అనే మాటతో ధర చెప్పేసి, రెండో నెలలో మానేసినవాళ్లను చాలామందిని చూశాను. ముందు మీ గంటలు లెక్కపెట్టండి. నెలకు 8 ఫోటో పోస్టులు, 4 రీల్స్ అనుకుందాం.

వారానికి ఒకసారి షాపుకెళ్లి రెండు గంటలు తీస్తే నెలకు 8 గంటలు. రీల్ ఎడిటింగ్ ఒక్కోదానికి గంటన్నర చొప్పున 6 గంటలు. ఫోటో పోస్టు ఒక్కోదానికి 40 నిమిషాలు వేసుకుంటే దాదాపు ఐదున్నర గంటలు. రిపోర్టు, యజమానితో మాట్లాడటం రెండున్నర గంటలు. మొత్తం 22. మీ గంటకు 300 అనుకుంటే 6,600. పెట్రోలు, డేటా కలిపి 7,000.

ఇందులో మెసేజ్‌లకు జవాబివ్వడం లేదని గమనించండి. రోజుకు అరగంట అనుకున్నా నెలకు 15 గంటలు, అంటే ఇంకో 4,500. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. "అది కూడా చూసుకోమ్మా" అని యజమాని మామూలుగా అంటాడు, మనం మొహమాటానికి సరే అంటాం. అందుకే మూడు ప్యాకేజీలు విడగొట్టి చెప్పండి:

- చిన్నది, 4,000: 6 ఫోటోలు, 2 రీల్స్, నెలకు రెండుసార్లు షాపుకు రావడం, రిపోర్టు.
- మధ్యది, 7,000: 8 ఫోటోలు, 4 రీల్స్, వారానికోసారి రావడం, రిపోర్టు. మెసేజ్‌లు షాపువాళ్లే చూసుకుంటారు.
- పెద్దది, 11,500: మధ్యదానిలో ఉన్నవన్నీ, వాటితోపాటు ఉదయం 10 నుంచి రాత్రి 8 దాకా మెసేజ్‌లకు జవాబులు.

ఈ ధరలు నా గంటలను బట్టి వచ్చినవి. మీ అంకెలు వేసి మీ లెక్క మీరు కట్టుకోండి.

తెల్లకాగితం మీద ఒక పేజీ తెలుగులో రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఏమేం చేస్తారు, ఏమేం చేయరు, డబ్బు ఏ తేదీకి, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అనేవి అందులో ఉండాలి. యాడ్ ఖర్చు ఫీజులో లేదని విడిగా ఒక వాక్యం రాయండి. మొదటి నెల డబ్బు ముందే తీసుకోండి. "ఇంతమంది ఫాలోవర్లు తెస్తాను", "అమ్మకాలు రెట్టింపు చేస్తాను" అనే మాటలు మాత్రం రాయకండి, నోటితో కూడా చెప్పకండి. మన చేతిలో ఉన్నది పోస్టు. బేరం, సరుకు, ధర షాపువాళ్ల చేతిలో ఉంటాయి.

3. పాస్‌వర్డ్ అడగకండి, యాక్సెస్ తీసుకోండి

యజమాని తన ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇస్తాడు. తీసుకోకండి. ఓటీపీ ఆయన ఫోన్‌కే వెళ్తుంది కాబట్టి ప్రతిసారీ ఆయన్ను పిలవాలి. రేపు ఖాతాలో ఏది తేడా వచ్చినా నింద మీ మీద పడుతుంది.

పేజీ ఎప్పుడూ యజమాని ఖాతా నుంచే తెరిపించండి. మీ ఖాతాతో తెరిస్తే, మీరు మానేసిన రోజున షాపు పేజీ మీ దగ్గర ఉండిపోతుంది. తర్వాత ఆయన ఫోన్‌లో పేజీలోకి మారి ఇలా వెళ్లండి:

```
Settings → Page setup → Page access → Add New
```

మెనూ పేర్లు అప్పుడప్పుడు మారుతుంటాయి. దొరక్కపోతే సెట్టింగ్స్‌లో Page access అని వెతకండి. అందులో మీకు టాస్క్ యాక్సెస్ ఇప్పిస్తే చాలు. పోస్టులు, మెసేజ్‌లు, యాడ్స్, అంకెలు చూడటం అన్నీ దానితో అవుతాయి. పూర్తి అధికారం ఆయన దగ్గరే ఉంటుంది.

ఇన్‌స్టాను బిజినెస్ ఖాతాగా మార్చి (డబ్బేం పడదు) ఆ పేజీకి కలపండి. ఇక రెండింటికీ Meta Business Suite నుంచే పోస్టులు తేదీ, టైము పెట్టి ఉంచుకోవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో షాపు ప్రొఫైల్ కూడా అదే రోజు చూడండి. పని గంటలు, ఫోన్ నంబరు, ముందు వైపు ఫోటో సరిగ్గా ఉన్నాయా అని చూసి, మిమ్మల్ని మేనేజర్‌గా చేర్పించుకోండి.

సరిగ్గా అయిందా లేదా తెలుసుకోవడానికి మీ ఫోన్ నుంచి ఒక ఫోటోను మరుసటి రోజుకు షెడ్యూల్ చేయండి. యజమాని ఫోన్ ముట్టుకోకుండా అది రెండు చోట్లా పడిందంటే యాక్సెస్ సరిగ్గా ఉన్నట్టే.

ఒక హెచ్చరిక. "మీ పేజీ 24 గంటల్లో తీసేస్తాం, ఈ లింక్ నొక్కండి" అని మెటా పేరుతో మెసేజ్‌లు వస్తుంటాయి. అవి మోసం. నొక్కొద్దని యజమానికి ముందే చెప్పి పెట్టండి. ఆయన కంగారుపడి నొక్కేస్తే పేజీ పోతుంది.

4. క్యాలెండర్: పండగ తేదీ నుంచి కాదు, కొనే తేదీ నుంచి

ఈ పనిలో నేను నేర్చుకున్నవాటిలో అన్నిటికన్నా విలువైనది ఇదే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

చాలామంది క్యాలెండర్ అంటే పండగలు రాసుకుని ఆ రోజు శుభాకాంక్షల పోస్టర్ పెట్టడం అనుకుంటారు. వరలక్ష్మీ వ్రతం రోజున అమ్మవారి బొమ్మ, కింద షాపు పేరు, అంతే. ఆ రోజు చీర కొనేదెవరు? అప్పటికే అందరూ కట్టుకుని పూజలో కూర్చుని ఉంటారు.

చీర కొన్నాక ఫాల్ వేయించాలి, జాకెట్టు కుట్టించాలి. శ్రావణంలో టైలర్ల దగ్గర రద్దీ. మగ్గం వర్క్ చేయించుకోవాలంటే ఇంకా ముందు ఇవ్వాలి. మా షాపు పక్క టైలర్‌ని అడిగితే "వ్రతానికి పది రోజుల ముందే పుస్తకం మూసేస్తానమ్మా" అంది. ఆ ఒక్క మాటతో నా క్యాలెండర్ అంతా ముందుకు జరిగింది.

2025లో వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8, శుక్రవారం. శ్రావణం జులై 25న మొదలైంది. టైలర్ పది రోజుల లెక్క వేస్తే జులై 29 తర్వాత కొన్న చీరకు ఆ టైలర్ దగ్గర జాకెట్టు అవ్వదు. దాన్ని బట్టి వారాలు ఇలా పడ్డాయి:

- జులై 7–13: ఆషాఢం తగ్గింపు. రోజువారీ చీరలు, వెయ్యి లోపు.
- జులై 14–20: పట్టు చీరల కొత్త స్టాక్. "మగ్గం వర్క్ చేయించుకునేవాళ్లు ఇప్పుడే తీసుకోండి" అని సూటిగా.
- జులై 21–28: అసలు వారం ఇదే. రెండు రీల్స్, మూడు ఫోటోలు. యాడ్ డబ్బు కూడా ఇక్కడే.
- జులై 29–ఆగస్టు 3: కుట్టించే టైము లేనివాళ్లకు రెడీమేడ్ జాకెట్లు, పిల్లలకు పట్టు లంగాలు.
- ఆగస్టు 4–7: వాయనంలో పెట్టడానికి జాకెట్టు ముక్కలు, డజను లెక్కన. పెట్టుబడి చీరలు.
- ఆగస్టు 8: ఒక్క శుభాకాంక్షల పోస్టు.

ఆఖరి వారం జాకెట్టు ముక్కల సంగతి యజమాని భార్య చెప్పింది. నాకు తట్టలేదు. క్యాలెండర్ రాసేటప్పుడు కౌంటర్‌లో కూర్చునేవాళ్లను పక్కన పెట్టుకోండి, వాళ్లకు సీజన్ అంతా కంఠస్థం.

షీట్‌లో ఏడు గళ్లు చాలు: తేదీ, ఏం పెట్టాలి, చీర కోడ్, ధర, ఫోటో తీశామా, యజమాని సరేనన్నారా, పెట్టిన తర్వాత లింక్. ప్రతి శనివారం వచ్చే వారం గళ్లు నింపి ఆయనకు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపండి. ఆదివారం రాత్రి లోపు మార్పు చెప్పకపోతే అలాగే పెడతానని కాగితంలో రాసుకోండి. లేకపోతే ఆయన సరే అనేదాకా పోస్టు ఆగిపోతుంది.

సరుకు లారీ లేటైతే క్యాలెండర్ తప్పుతుంది. అందుకే ఎప్పుడైనా పెట్టదగ్గవి నాలుగు ముందే తీసి ఉంచుకోండి: చీర మడత పెట్టడం, పట్టు చీర ఎలా ఉతకాలి, అసలు జరీ గురించి యజమాని రెండు మాటలు, షాపుకు దారి.

5. ఫోటో తీసేటప్పుడు కోడ్, ధర

మొదటి నెలలో నేను చేసిన తప్పు చెప్తాను. నెమలికంఠం రంగు పట్టు చీర ఒకటి పెట్టాను, చాలామంది అడిగారు. మూడో రోజు దుగ్గిరాల నుంచి ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని ఆటోలో వచ్చింది. ఆ చీర ముందురోజే అమ్ముడైపోయింది. "లేనిది ఎందుకు పెట్టారమ్మా, ఇంత ఎండలో వచ్చాం" అంటే ఏం చెప్పాలో తెలియలేదు. మజ్జిగ ఇచ్చి, వేరే చీరలు చూపించారు గానీ ఆవిడ ఏమీ కొనకుండానే వెళ్లిపోయింది.

అప్పటినుంచి ఫోటో తీసిన ప్రతి చీర మీద చిన్న స్టిక్కర్ అంటిస్తున్నాం: S-14, S-15 ఇలా. అదే కోడ్ పోస్టులోనూ ఉంటుంది. చీర అమ్ముడవగానే సేల్స్‌గర్ల్ స్టిక్కర్ పీకి గల్లాపెట్టె పక్కన అట్టముక్క మీద అంటిస్తుంది. సాయంత్రం ఆ అట్ట ఫోటో నాకు వస్తుంది. నేను ఆ పోస్టు కింద రాతను "అమ్ముడైంది, ఇదే రకంలో S-22 ఉంది" అని మారుస్తాను. రోజుకు ఐదు నిమిషాల పని.

ధర పోస్టులోనే రాయండి. "ధరకు మెసేజ్ చేయండి" అని రాస్తే పక్క షాపుకు తెలియదని యజమానులు అనుకుంటారు. ఆ మాట చూసి మెసేజ్ చేయకుండా వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. ఒప్పుకోకపోతే కనీసం "1,200 నుంచి 1,800 లోపు" అని రాయనివ్వమని అడగండి.

చీరను ట్యూబులైటు కింద తీయకండి, నీలం ఊదాగా కనిపిస్తుంది. ఉదయం పదిలోపు షాపు గుమ్మం దగ్గర, ఎండ నేరుగా పడని చోట తీయండి. తీశాక ఫోన్‌ను చీర పక్కనే పెట్టి రెండు రంగులూ పోల్చి చూడండి. తేడా ఉంటే మళ్లీ తీయండి. హోల్‌సేల్ వాళ్లు పంపే మోడల్ ఫోటోలు వాడకండి. అవే ఫోటోలు ఇంకో పది షాపుల పేజీల్లో ఉంటాయి.

రీల్స్‌కు సినిమా పాటలు కలపకండి. బిజినెస్ ఖాతాకు చాలా పాటలు అసలు కనిపించవు, వేరే యాప్‌లో కలిపి పెడితే కాపీరైట్ కింద ధ్వని ఆపేయొచ్చు, రీల్ తీసేయొచ్చు. వాటికన్నా యజమాని భార్య కొంగు పరిచి "ఇది ఇలా కుచ్చిళ్లు పోస్తే బాగుంటుందండి" అన్న ముప్పై సెకన్ల రీల్‌కే మాకు ఎక్కువ మెసేజ్‌లు వచ్చాయి.

6. మెసేజ్‌లు ఎవరు చూస్తారో ముందే తేల్చండి

మధ్య ప్యాకేజీ అయితే షాపులో ఒకరి పేరు చెప్పి పెట్టండి. "అందరం చూస్తాం" అంటే ఎవరూ చూడరు. షాపు నంబరుకు వాట్సాప్ బిజినెస్ పెట్టించి, రోజూ వచ్చే ప్రశ్నలకు క్విక్ రిప్లైలు రాసిపెట్టండి: దారి, పని గంటలు, కొరియర్ ఖర్చు. పేజీ బయోలో ఈ లింక్ పెట్టండి, X ల స్థానంలో షాపు నంబరు:

```
https://wa.me/91XXXXXXXXXX
```

పెట్టాక ఇంకొకరి ఫోన్ నుంచి నొక్కి చూడండి. 91 మర్చిపోయినా, నంబరు ముందు సున్నా పెట్టినా తెరుచుకోదు.

7. యాడ్: తక్కువ డబ్బు, ఒకే వారం

నెలంతా ప్రతి పోస్టునూ వంద రూపాయలతో బూస్ట్ చేయడం వృథా. పైన చెప్పిన అసలు వారంలో, అప్పటికే బాగా నడిచిన ఒక్క రీల్‌కు ఏడు రోజులు, రోజుకు 200 పెట్టాం. 1,400 మీద 18 శాతం జీఎస్టీ 252, మొత్తం 1,652. అది నేరుగా యజమాని కార్డు నుంచి కట్టించండి. మీ డబ్బుతో కట్టి తర్వాత అడిగితే ఎప్పుడో ఒకసారి మాట తేడా వస్తుంది.

స్థలం దగ్గర తెనాలి, చుట్టూ 20 కిలోమీటర్లు పెట్టండి. ఇది మార్చకుండా వదిలేస్తే డబ్బంతా ఎక్కడెక్కడికో పోతుంది. ఫలితం దగ్గర లైకులు కాకుండా మెసేజ్‌లు ఎంచుకోండి. ఐఫోన్ యాప్‌లో నుంచి బూస్ట్ చేస్తే ఆపిల్ సర్వీస్ ఫీజు అదనంగా పడుతుంది, కంప్యూటర్‌లో బ్రౌజర్ నుంచి పెట్టండి.

8. రిపోర్టు: ఒక పేజీ, ఐదో తేదీ

నా మొదటి రిపోర్టు పన్నెండు పేజీలు, నిండా గ్రాఫులు. యజమాని మొత్తం తిప్పి చూసి, "బాగుందమ్మా, కానీ గల్లాపెట్టెలో ఎంత పడిందో ఇందులో లేదే" అన్నారు. నిజమే, ఆయన డబ్బిస్తున్నది దానికోసం. ఆ మాట విన్నాకే కౌంటర్ మీద ఒక పుస్తకం పెట్టించాను. బిల్లు వేసేటప్పుడు "మా షాపు ఎలా తెలిసిందండీ?" అని అడిగి ఫోన్, గూగుల్, పాత కస్టమర్, దారిలో చూసి అనే నాలుగు గళ్లలో ఒకదాంట్లో గీత పెట్టడం. ఇది లేకుండా ఏ రిపోర్టూ నిలబడదు.

ఇదిగో నమూనా. అంకెలు ఉదాహరణకు వేసినవి:

> జులై రిపోర్టు
> పెట్టినవి: ఫోటోలు 8, రీల్స్ 4 (ఒప్పుకున్నవన్నీ అయ్యాయి)
> ధర, స్టాక్ అడిగిన మెసేజ్‌లు: 46. గంటలోపు జవాబు వెళ్లినవి: 31
> గూగుల్ నుంచి కాల్స్: 22. దారి చూసుకున్నవి: 58
> పుస్తకంలో "ఫోన్‌లో చూసి వచ్చాం" గీతలు: 19. వాళ్ల బిల్లులు: 34,200
> ఖర్చు: ఫీజు 7,000, యాడ్ 1,652
> బాగా నడిచింది: కుచ్చిళ్ల రీల్. నడవనిది: ఆషాఢం పోస్టర్
> వచ్చే నెల మార్పు: రాత్రి 8 తర్వాత వచ్చే మెసేజ్‌లకు ఆటో రిప్లై

34,200 అనేది బిల్లుల మొత్తం, లాభం కాదు. అందులో మార్జిన్ ఎంతో యజమానికే తెలుసు, అది మీరు ఊహించి రాయకండి. అందులో కొందరు ఎలాగూ వచ్చేవాళ్లే కావచ్చు, ఆ సంగతి కూడా ఆయనతో అనండి. 46 మెసేజ్‌లలో 15 ఆలస్యమయ్యాయి అన్న అంకెను దాచకండి. షాపువాళ్ల వైపు ఎక్కడ జారుతోందో అదే చూపిస్తుంది, పెద్ద ప్యాకేజీ అడగడానికి ఆధారమూ అదే.

నెల మొదటి తేదీనే రిపోర్టు ఇవ్వకండి. గూగుల్ అంకెలు కొన్ని రోజులు ఆలస్యంగా నిండుతాయి. ఐదో తేదీ దాకా ఆగండి.

పంపేముందు ఒకటి చూడండి. ఇన్‌స్టాలో ఫాలోవర్లు వంద దాటాక వాళ్లు ఏ ఊళ్లవాళ్లో కనిపిస్తుంది. మొదటి వరసలో తెనాలి, గుంటూరు, విజయవాడ ఉంటే సరైన దారిలో ఉన్నట్టు. ఎక్కడో దూరపు నగరాలు ఉంటే ఎవరో ఫాలోవర్లు కొన్నారు, లేదా యాడ్‌లో స్థలం తప్పింది. ఒకసారి నేను తీసుకున్న పాత పేజీలో నాలుగువేల ఫాలోవర్లు ఉండి, పోస్టుకు ఆరు లైకులు వచ్చేవి. ముందు చూసినతను కొనిపెట్టాడట. దాన్ని బాగుచేయాలని రెండు నెలలు తంటాలు పడి, చివరికి యజమానికి నచ్చజెప్పి కొత్త ఖాతా తెరిపించాను. మూడు నెలలకు 310 మంది అయ్యారు, అందరూ చుట్టుపక్కలవాళ్లే.

మొదటి షాపు రిపోర్టు మూడు నెలలు వరసగా ఐదో తేదీకి ఇవ్వగలిగాకే రెండో షాపు ఒప్పుకోండి. అదే వీధిలో, అదే సరుకు అమ్మే షాపు అడిగితే ముందు మొదటి యజమానితో మాట్లాడండి. ఆయన వద్దంటే వదిలేయండి. వేరే సరుకైతే పర్వాలేదు. మా చీరల షాపు యజమానే నన్ను ఎదురుగా ఉన్న గాజుల షాపుకు తీసుకెళ్లి పరిచయం చేశారు. వెంట తీసుకెళ్లింది జులై రిపోర్టు కాగితం ఒక్కటే.